పైకి బాగున్న కాయ: పత్తి చేలో మొదటి రోజు

ప్రశ్న: అగ్రికల్చర్ బీఎస్సీ ఫైనల్ ఇయర్ చదువుతున్నాను. మాది పల్లెటూరే, కానీ వరి తప్ప వేరే పంట దగ్గరగా చూడలేదు. వచ్చే వారం రావెప్ పల్లె శిక్షణలో సైంటిస్టుతో పత్తి చేలోకి పురుగుల సర్వేకి వెళ్ళాలి. మందు కొట్టాల్సిన హద్దు చెప్పే ఈటీఎల్ అంకెలు బట్టీ పట్టాను గానీ చేలో దిగాక ఏం చేస్తారో ఊహకు రావడం లేదు, టెన్షన్‌గా ఉంది. అనుభవం ఉన్నవాళ్ళు కళ్ళకు కట్టినట్టు చెప్తారా?

సమాధానం:

కళ్ళకు కట్టినట్టు అన్నారు కాబట్టి కథగానే చెప్తాను. మనుషులు, పేర్లు నేను కల్పించినవి. చేలో జరిగే పని మాత్రం ఉన్నదున్నట్టు. అన్ని పురుగుల గురించీ చెప్పబోతే మీకు ఏదీ గుర్తుండదు, అందుకని ముఖ్యంగా గులాబీ రంగు పురుగు మీదే ఉంటాను. పత్తిలో మనిషి కన్నును బాగా మోసం చేసేది అదే.

లావణ్యది హుజూరాబాద్ వైపు ఊరు. రావెప్ కోసం వేసింది పరకాల దగ్గర పల్లెలో. అక్టోబర్ మొదటి వారం, ఉదయం ఏడు కాకముందే సైంటిస్టు మేడమ్ జీపు వచ్చి చేను పక్కన ఆగింది. మేడమ్ పాతికేళ్ళకు పైగా పత్తి పురుగుల మీదే పనిచేసిన మనిషి. దిగగానే మొదట చూసింది లావణ్య చేతిలోని నోటుబుక్కు.

"గడులు గీసుకున్నావా?"

గీసుకుంది. పచ్చదోమ, తెల్లదోమ, తామర పురుగులు, గులాబీ పురుగు అని నాలుగు గడులు. మేడమ్ పెన్ను తీసుకుని గులాబీ పురుగు గడిని మూడు ముక్కలు చేసింది. ఒకటి బుట్టలో పడ్డ రెక్కల పురుగులు, ఒకటి గుడ్డి పూలు, ఒకటి కోసి చూసిన కాయలు. కాయల గడిని మళ్ళీ రెండు చేసింది: దెబ్బతిన్నవి, బతికున్న పురుగు కనిపించినవి.

"ఈ మూడూ ఒకే పురుగు సంగతి చెప్తాయి గానీ ఒకే మాట చెప్పవు. ఎందుకో మధ్యాహ్నానికి నువ్వే చెప్పాలి."

చేను రాజయ్యది. నల్లరేగడి, రెండెకరాలు, జూన్ చివర్లో గింజ పెట్టాడు. అంటే వంద రోజుల పంట. ఒక ఎకరం రోడ్డు వైపు, ఇంకో ఎకరం కొట్టం వైపు. మధ్యలో బండి బాట. మొక్కలు నడుముదాకా వచ్చి, ఆకు ముదురు పచ్చగా, కొమ్మ కొమ్మకూ కాయలతో ఉన్నాయి. గెట్ల మీద గునుగు విరగబూసింది.

"చేను మంచిగనే ఉంది మేడమ్. పురుగు గిరుగు ఏం లేదు. పక్కోళ్ళంత కొడుతున్రు, నేను గూడ మందు తెచ్చి పెట్టిన. మీరు జూసి పోతె సాయంత్రం కొడ్త," అన్నాడు రాజయ్య.

పురుగు లేదంటూనే మందు కొడతానన్నాడు. లావణ్యకు ఇది కొత్తేమీ కాదు, వాళ్ళ నాన్న కూడా వరికి అలాగే కొడతాడు. పక్క మడిలో పంపు చప్పుడు వినబడితే చాలు.

మొదట లింగాకర్షక బుట్టల దగ్గరకు వెళ్ళారు. ఎకరానికి రెండు లెక్కన నాలుగు బుట్టలు ఉన్నాయి. గులాబీ పురుగు ఆడ రెక్కల పురుగు వాసనను పోలిన ఎర ఒకటి గరాటు పైన ఉంటుంది. మగవి రాత్రిపూట దాని కోసం వచ్చి గరాటులోంచి కింద కట్టిన ప్లాస్టిక్ సంచిలోకి జారతాయి. లావణ్య మొదటి సంచి చూసి 'సున్నా' అని రాయబోయింది.

"సంచి అడుగు చూడు."

అడుగున వేసిన ముడి ఊడిపోయి ఉంది. పడ్డ పురుగు పడ్డట్టే కిందికి పోతుంది. రెండో బుట్ట కర్ర పంటతో పాటు పెంచలేదు, గరాటు ఆకుల్లో మునిగిపోయింది. మూడోదానిలో ఎర ఎప్పుడు మార్చారో రాజయ్యకు గుర్తులేదు. నాలుగోది ఒక్కటే సరిగ్గా ఉంది, దాని సంచిలో పదుల కొద్దీ చిన్న బూడిద గోధుమ రంగు పురుగులు ఎండిపోయి ఉన్నాయి. కానీ అవి ఎన్ని రాత్రుల్లో పడ్డవో తెలియదు.

"ఇప్పుడు ఏం రాస్తావు?"

"నాలుగో బుట్టలో ఉన్నవి లెక్కపెట్టి రాస్తాను మేడమ్."

"అప్పుడది ఒక రాత్రి లెక్కా, పది రాత్రుల లెక్కా? మనకు కావాల్సింది బుట్టకు ఒక రాత్రికి ఎన్ని అనేది. అది 8 చొప్పున వరుసగా మూడు రాత్రులు పడితే హద్దు దాటినట్టు. లెక్క లేనప్పుడు గడిలో గీత పెట్టు, సున్నా పెట్టకు."

ఈ సంగతి మీరు బాగా పట్టుకోండి. నేను చూసిన సర్వే ఫారాల్లో తప్పుడు సున్నాలు చాలా ఉంటాయి. పురుగు లేకపోవడం వేరు, చూసే వీలు లేకపోవడం వేరు. రెండింటికీ సున్నా వేస్తే పై ఆఫీసులో ఆ మండలం మొత్తం పచ్చగా కనిపిస్తుంది.

నాలుగు సంచులూ దులిపి, ముడులు బిగించి, గరాటు పంట పైన అడుగు ఎత్తులో ఉండేలా కర్రలు సరిచేశారు. జీపులో ఉన్న కొత్త ఎరలు పెట్టారు. ఎరను వట్టి వేళ్ళతో పట్టుకోవద్దని, పాత ఎరలను చేలో పారేయకుండా వెంట తీసుకెళ్ళాలని మేడమ్ చెప్పింది. పారేసిన ఎర ఇంకా ఎంతో కొంత వాసన వేస్తూనే ఉంటుంది, మగ పురుగు బుట్ట వదిలి దాని దగ్గర తిరుగుతుంది. లావణ్య ఉండేది ఆ ఊళ్ళోనే కాబట్టి మూడు ఉదయాలూ వచ్చి లెక్కపెట్టే పని ఆమెకు పడింది.

తర్వాత చేలోకి దిగారు. లావణ్య గెట్టు పక్క సాలులోనే మొదటి మొక్క దగ్గర ఆగింది.

"అంచు సాళ్ళు వదిలెయ్. గెట్టు మీద గడ్డి, దుమ్ము, పక్క చేను గాలి, అన్నీ వాటికే తగులుతాయి. అవి చేను సంగతి చెప్పవు. లోపలికి నాలుగైదు సాళ్ళు దాటి, అడ్డదిడ్డంగా నడువు. ఎకరంలో ఐదు చోట్ల ఆగాలి, చోటుకు నాలుగు మొక్కలు. ఆగే ముందు మొక్కను చూడకు. అడుగులు లెక్కపెట్టుకుంటూ పో, లెక్క పూర్తయినచోట కుడిపక్కన ఏ మొక్క ఉంటే అదే నీ మొక్క."

"ఎందుకు మేడమ్, చూసి ఎంచుకుంటే ఏమవుతుంది?"

"చూస్తే నీ కన్ను వంకర మొక్క మీదికి పోతుంది. రైతు కన్ను బాగున్న మొక్క మీదికి పోతుంది. ఇద్దరి లెక్కా తప్పే."

రసం పీల్చే పురుగుల పని త్వరగా అయిపోయింది. మొక్కకు పైన ఒకటి, మధ్యన ఒకటి, కింద ఒకటి, మూడు ఆకులు. ఆకును తుంచకుండా, మెల్లగా తిప్పి అడుగు భాగం చూడాలి. ఎండ ఎక్కితే పచ్చదోమ పక్కకు జరిగి తప్పించుకుంటుంది, అందుకే ఈ పని పొద్దున్నే. పచ్చదోమ ఆకుకు సగటున ఒకటి కూడా రాలేదు. హద్దు రెండు. ఆకు అంచులు పసుపు తిరగలేదు, ముడుచుకోలేదు. అక్షింతల పురుగులు, సాలీళ్ళు బాగానే కనబడ్డాయి. మేడమ్ వాటినీ రాయించింది.

ఎనిమిది దాటాక పూలు విచ్చుకోవడం మొదలైంది. అప్పుడు గుడ్డి పూల లెక్క. ఎకరానికి 50 చొప్పున వంద పూలు చూడమని చెప్పి మేడమ్ రాజయ్యతో మాట్లాడుతూ నిలబడింది. అరగంటలో లావణ్య ఉత్సాహంగా వచ్చింది.

"మేడమ్, వందలో 14 గుడ్డి పూలు! హద్దు పదే కదా, దాటేసింది."

"పద, చూపించు."

ఆమె చూపించిన మొదటి పువ్వు గులాబీ రంగులో, రెక్కలు చుట్టుకుపోయి ఉంది. మేడమ్ దాన్ని తుంచి రెక్కలు విప్పింది. తేలిగ్గా విడిపోయాయి. లోపల పుప్పొడి కాడ చెక్కుచెదరలేదు.

"ఇది నిన్నటి పువ్వు. పత్తి పువ్వు పొద్దున విచ్చుకున్నప్పుడు తెల్లగానో లేత పసుపుగానో ఉంటుంది. సాయంత్రానికి గులాబీ రంగు తిరిగి మర్నాటికి ముడుచుకుపోతుంది. అది దాని స్వభావం. పేరు గులాబీ పురుగు అయినంత మాత్రాన గులాబీ రంగు పువ్వు దాని పని కాదు."

ఇంకో నాలుగు పూలు అలాంటివే. ఆరోది వేరుగా ఉంది. రంగు ఇంకా లేత పసుపే, ఈ రోజు పువ్వే, కానీ విచ్చుకోలేదు. రెక్కల కొసలు మెలితిరిగి ఒకదానికొకటి అతుక్కుని గులాబీ మొగ్గలా ఉన్నాయి. మేడమ్ లాగితే సన్నని పట్టుదారంలాంటి పోగులు సాగాయి. లోపల పుప్పొడి తినేసి ఉంది, అడుగున తెల్లని చిన్న పురుగు, నల్లని తల.

"ఇది గుడ్డి పువ్వు. పురుగు లోపలే ఉండి రెక్కలను దారంతో కుట్టేస్తుంది. రంగు చూడకు, లాగి చూడు. దారం సాగితేనే లెక్క."

మళ్ళీ చూస్తే 14లో మిగిలినవి మూడే. రోడ్డు ఎకరంలో ఒకటి, కొట్టం ఎకరంలో రెండు. అంటే నూటికి మూడు. రాజయ్య నవ్వాడు. "నేను జెప్పలె? పురుగు లేదని."

మేడమ్ మాత్రం నవ్వలేదు. "అరవై డెబ్భై రోజుల పంటకైతే ఈ మాట నమ్మేదాన్ని. ఇప్పుడు చేలో పూలకన్నా కాయలు ఎక్కువ. కాయ దొరికాక తల్లి పురుగు పువ్వు మీద కన్నా కాయ మొదట్లో, ఆ ముచ్చిక ఆకుల మాటున గుడ్లు పెట్టడానికే ఇష్టపడుతుంది. అందుకని గుడ్డి పూలు తగ్గాయంటే పురుగు తగ్గిందని కాదు, చోటు మార్చిందేమో అని చూడాలి. చాకు తియ్ లావణ్యా."

ఇక్కడ నా మాట ఒకటి. గుడ్డి పూల లెక్క పూత మొదలైన రోజుల్లో బంగారం. పంట వంద రోజులు దాటాక దాన్ని మాత్రమే నమ్ముకుని 'హద్దులోనే ఉంది' అని రాసిన రిపోర్టు చూస్తే నాకు నమ్మకం కలగదు.

లావణ్య కాయలు కోయడం మొదలుపెట్టింది. చేతికి అందినవి, లావుగా గట్టిగా ఉన్నవి కోసింది. నాలుగు కాయలయ్యాక మేడమ్ ఆపింది.

"బొటనవేలు, చూపుడు వేలు మధ్య పట్టుకుని నొక్కు."

నొక్కింది. రాయిలా ఉంది.

"అది ముదిరిపోయింది. అందులో ఇప్పుడు పురుగు ఉన్నా లేకపోయినా అది నెల కిందటి కబురు. కొత్తగా పొదిగిన పురుగు లోపలికి దిగేది లేత కాయలోకి. పద్నాలుగు నుంచి ఇరవై రోజుల వయసు కాయ కావాలి. పచ్చగా ఉండి, నొక్కితే కొద్దిగా లొంగాలి. మరీ పిందె అయితే అందులో పురుగు తినడానికి గింజ ఉండదు. మొక్కకు ఒక్క కాయే, ఎకరానికి 20."

అప్పుడు రాజయ్య అడ్డం వచ్చాడు. "నలభై కాయలు పచ్చివి కోస్తరా మేడమ్? పంట చేతికొచ్చే టైముల."

ఈ మాట మీకూ ఎదురవుతుంది, కాబట్టి మేడమ్ చెప్పిన లెక్క రాస్తున్నాను. కాయకు నాలుగైదు గ్రాముల పత్తి వస్తుంది. 40 కాయలంటే 160 నుంచి 200 గ్రాములు. కిలో 70 రూపాయలు అనుకున్నా పోయేది 14 రూపాయల లోపే. "నువ్వు తెచ్చి పెట్టిన మందుకు ఎంత పోశావు రాజయ్యా?" రాజయ్య తల గోక్కుని, "కానియ్యి బిడ్డా, కొయ్యి," అన్నాడు లావణ్యతో.

కొట్టం నీడలో గోనెసంచి పరిచి కాయలు పోశారు, ఏ ఎకరానివి ఆ ఎకరానికి విడిగా. పైకి అన్నీ నున్నగా, పచ్చగా ఉన్నాయి. లావణ్య తిప్పి తిప్పి చూసి రంధ్రం ఉన్నవి వెతకసాగింది.

"దొరకదు. గుడ్డు పగిలిన పురుగు వెంట్రుకంత సన్నం. అది లోపలికి దూరిన చిల్లు కాయ పెరిగే కొద్దీ పూడిపోతుంది. శనగపచ్చ పురుగైతే కాయ బయట పెంట వేస్తుంది, పెద్ద చిల్లు చేస్తుంది, దూరం నుంచే కనబడుతుంది. ఇది అలా కాదు. నీకు గులాబీ పురుగు చేసిన రంధ్రం పైకి కనబడిందంటే అది తినడం ముగించి బయటికి పోయిందని అర్థం. చూసే పనంతా లోపలే."

చాకుతో కాయను నిలువుగా చీల్చి, చేత్తో అరలు విప్పి, మూడు చోట్ల చూడమని చెప్పింది. మొదట కాయ గోడ లోపలి వైపు. పురుగు తొలిచిన చోట అక్కడ చిన్న పులిపిరిలాంటి బుడిపె లేస్తుంది, ఒక్కోసారి సన్నని గోధుమ రంగు గీత కూడా ఉంటుంది. తర్వాత అరకూ అరకూ మధ్య గోడ. పురుగు ఒక గింజ తినేసి పక్క అరలోకి పోవడానికి అక్కడ గుండ్రటి కన్నం చేస్తుంది. చివరగా గింజలు. వాటిని వేళ్ళతో విడదీసి తొలిచినవి ఉన్నాయేమో చూడాలి.

రోడ్డు ఎకరం కాయల్లో పదిహేడోదాకా ఏమీ లేదు. పద్దెనిమిదో కాయ గోడకు బుడిపె, గింజ పక్కన చిన్న తెల్ల పురుగు. మిగతా రెండూ శుభ్రం. ఇరవైలో ఒకటి.

కొట్టం ఎకరం మూడో కాయలోనే గోడ మీద బుడిపె, మధ్య గోడకు కన్నం, గింజలో లేత గులాబీ చారలు తిరిగిన పురుగు. ఏడో కాయలో ఒకటి. పదకొండో కాయలో బుడిపె, గీత ఉన్నాయి గానీ పురుగు లేదు.

"ఇది లెక్కలోకి వస్తుందా మేడమ్?"

"దెబ్బతిన్నవాటిలో వస్తుంది, బతికున్నవాటిలో రాదు. అందుకే కదా గడిని రెండు చేసింది. చిన్న పురుగు లోపలే చచ్చి ఉండొచ్చు. బీటీ గింజ తిని చచ్చిందా, వేరే కారణమా అన్నది కాయను చూసి చెప్పలేం."

పదహారో కాయలో ఇంకో పురుగు. కొట్టం ఎకరం ఇరవైలో దెబ్బతిన్నవి నాలుగు, పురుగున్నవి మూడు.

లావణ్య లెక్క వేసింది. మొత్తం నలభైలో అయిదు, అంటే నూటికి 12.5. హద్దు పది. "రెండెకరాలకూ మందు కొట్టాలి మేడమ్."

"సగటు తీశావు, అక్కడే బోల్తా పడ్డావు. రోడ్డు ఎకరంలో నూటికి 5, కొట్టం ఎకరంలో 20. రెండూ కలిపితే వచ్చిన పన్నెండున్నర ఈ రెండు ఎకరాల్లో దేనిదీ కాదు. ఒక ఎకరానికి మందు అవసరం, ఇంకో ఎకరానికి ఇవాళ అవసరం లేదు."

"కొట్టం వైపే ఎందుకుంది మేడమ్?"

మేడమ్ కొట్టం వెనక్కి తీసుకెళ్ళింది. నిరుటి పత్తి కట్టె మోపులు మోపులుగా పేర్చి ఉంది, పొయ్యిలోకని. వాటికి విచ్చుకోని ఎండు కాయలు ఇంకా వేలాడుతున్నాయి. పంట చివర్లో గులాబీ పురుగు తినడం మానేసి అలాంటి కాయల్లో, గింజల్లో నిద్రపోతుంది. వానలు పడ్డాక రెక్కల పురుగై లేచి దగ్గరున్న కొత్త పత్తిని వెతుక్కుంటుంది. జూన్‌లో విత్తిన చేను పూతకు వచ్చేసరికి, ఆలస్యంగా లేచిన వాటికి పక్కనే తిండి సిద్ధం. "ఒక్క చేను చూసి ఇదే కారణమని రాయకు. 'పక్కన నిరుటి కట్టె ఉంది' అని మాత్రం రాయి. పది చేలల్లో ఇలాగే కనబడితే అప్పుడు మాట్లాడుకుందాం," అంది మేడమ్.

రాజయ్యకు అర్థం కానిది ఒకటే. "బీటీ గింజలే కద మేడమ్ పెట్టింది. కంపెనోళ్ళు పురుగు రాదన్నరు."

అది పెద్ద కథ, మేడమ్ చిన్నగా చెప్పింది. మన దేశంలో బీటీ పత్తికి అనుమతి వచ్చింది 2002లో, రెండు బీటీ జన్యువులున్న రకాలు వచ్చింది 2006లో. శనగపచ్చ పురుగు మీద అవి బాగా పనిచేశాయి. గులాబీ పురుగు మాత్రం మొదటి జన్యువుకు అలవాటు పడిందని 2010లో గుజరాత్ చేలల నుంచి తేలింది, తర్వాత రెండోదానికీ అలవాటు పడింది. అది పత్తి తప్ప మిగతా పంటల మీద పెద్దగా బతకదు. తరం తర్వాత తరం అదే గింజ తింటుంది. పైగా మనం వేసేవి హైబ్రిడ్లు. హైబ్రిడ్ మొక్క కాయలో ఉన్న గింజలన్నిటిలో బీటీ విషం ఒకేలా ఉండదు, కొన్నింటిలో అసలు ఉండదు. గింజ తర్వాత గింజ తినే పురుగుకు తట్టుకోవడం నేర్చుకోవడానికి ఇంతకంటే అనువైన చోటు ఉండదు.

ఇక మందు. రాజయ్య తెచ్చిన సంచి తెరిస్తే మూడు డబ్బాలు. మూడూ కలిపి కొట్టమని దుకాణంలో చెప్పారట. అందులో ఒకటి సింథటిక్ పైరిత్రాయిడ్. మేడమ్ దాన్ని పక్కన పెట్టించింది. ఈ నెలలో అది కొడితే మిత్ర పురుగులు పోయి తెల్లదోమ ఎగసిపడే ప్రమాదం ఉంది. మిగతా రెండింటిలో ప్రొఫెనోఫాస్ ఒక్కటే, లీటరు నీటికి 2 మి.లీ., ఎకరానికి 200 లీటర్ల నీళ్ళు, కొట్టం ఎకరానికి మాత్రమే, సాయంత్రం. (మీరు రైతుకు మందు పేరు చెప్పే ముందు ఆ ఏటి సిఫారసు, డబ్బా మీది లేబుల్ చూసుకునే చెప్పండి. అనుమతులు మారుతుంటాయి.) మందు కొట్టే మనిషి మూతికి గుడ్డ, చేతికి తొడుగు లేకుండా దిగొద్దని, ఆ రెండు మూడు రోజులు చేలోకి కూలీలను పంపొద్దని కూడా చెప్పింది.

"లోపలున్న పురుగు చస్తదా?" అని అడిగాడు రాజయ్య.

"చావదు. కాయలోకి పోయినదాన్ని మందు అందుకోదు. చచ్చేది ఇవాళో రేపో గుడ్డు పగిలి కాయ మీద పాకేవి, రాత్రి తిరిగే తల్లి పురుగులు. అందుకే వారం తర్వాత ఈ పిల్ల మళ్ళీ కాయలు కోస్తుంది, అప్పటికి పద్నాలుగు ఇరవై రోజులైన లేత కాయలే. ముదురు కాయ కోసి 'మందు పనిచేయలేదు' అనుకుంటే మళ్ళీ డబ్బాలకు పరిగెత్తుతావు."

మూడు ఉదయాలు లావణ్య బుట్టలు చూసింది. నాలుగు బుట్టల సగటు మొదటి రాత్రి 8, రెండో రాత్రి 11, మూడో రాత్రి 9. హద్దు మూడు రాత్రులూ తాకింది. ఫోన్ చేసి, "రెండెకరాల్లోనూ బుట్టలు నిండుతున్నాయి మేడమ్, మరి రోడ్డు ఎకరం వదిలేశాం కదా," అంది.

"రెక్కల పురుగు ఎగిరి వస్తుంది, పక్క చేలవి కూడా నీ బుట్టలోనే పడతాయి. ఈ చుట్టుపక్కల పురుగు తిరుగుతోందని బుట్ట చెప్తుంది. రాజయ్య చేలో పురుగు ఏ ఎకరంలో దిగిందో కాయ చెప్తుంది. బుట్ట చూసి జాగ్రత్త పడు, కాయ చూసి మందు చెప్పు. అడిగాను కదా, మూడూ ఒకే మాట ఎందుకు చెప్పవని?"

"పువ్వు గడిచిన రోజుల మాట, మేడమ్. ఇప్పుడది కాయలోకి పోయింది."

"ఊఁ. వారానికి మళ్ళీ కొయ్."

వారం తర్వాత కొట్టం ఎకరంలో ఇరవై లేత కాయల్లో ఒకటే. రోడ్డు ఎకరంలో రెండు. అంటే నూటికి పది, హద్దు. ఆ సాయంత్రం రోడ్డు ఎకరానికి మందు పడింది. రాజయ్య ఊరుకోలేదు. "అప్పుడే రెండింటికీ కొడితే అయిపోవు గద?" అన్నాడు. ఈసారి జవాబు చెప్పింది లావణ్యే. మందు బలం వారం లోపే తగ్గిపోతుంది కాకా, అప్పుడు ఒకటీ అరా ఉన్నదానికి కొట్టి ఉంటే, ఇప్పుడు బుట్టల్లో ఇన్ని తిరుగుతుండగా మళ్ళీ కొట్టాల్సి వచ్చేది, మధ్యలో సాలీళ్ళూ అక్షింతల పురుగులూ పోయేవి అంది. రాజయ్య పూర్తిగా ఒప్పుకున్నాడని చెప్పలేను. కానీ పైరిత్రాయిడ్ డబ్బా దుకాణంలో వాపసు ఇచ్చి వచ్చాడు. నిరుటి కట్టెను కూడా మోపు మోపుగా పొయ్యిలో పెట్టేశాడు. ఈ ఏటి పంట డిసెంబర్‌తో ముగించి కట్టె దున్నించమని మేడమ్ చెప్పింది. తర్వాత కాసే నాలుగు కాయల ఆశకు నీళ్ళు పెట్టి పొడిగిస్తే, వచ్చే ఏటి పురుగుకు ఇప్పుడే తిండి పెట్టినట్టు అవుతుంది. దానికి మాత్రం రాజయ్య "చూద్దాం మేడమ్" అన్నాడు.

మీరు వెళ్ళేటప్పుడు చిన్న చాకు, పదును పెట్టింది, మర్చిపోకండి. చేతి లెన్సు ఉంటే ఇంకా మంచిది, వెంట్రుకంత పురుగు మొదటిసారి కంటికి ఆనదు. నిండు చేతుల చొక్కా వేసుకోండి, పొద్దున పత్తి ఆకు మంచుకు తడిసి ఉంటుంది. మీ ఫారంలో ఒకే గడి ఉంటే మీరే విడదీసుకుని, చివర్లో పంట ఎన్ని రోజులది, కాయలు ఏ ఎకరంలోవి, ఎర మార్చిన తేదీ ఎప్పుడు అన్నవి రాయండి. ఈ మూడూ లేకపోతే మీ అంకెలను తర్వాత ఎవరూ వాడుకోలేరు. గుడ్డి పువ్వు దగ్గర అనుమానం వస్తే ఫొటో తీసి ఇక్కడ పెట్టండి, రెక్కలు లాగాక తీసిన ఫొటో.